రిజిడ్ రోటర్ నమూనా: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

రెండు పరమాణువులున్న అణువులో బంధం ఎంత పొడవో తెలుసుకోవాలంటే ఇప్పటికీ నేను ముందుగా పట్టుకునేది రిజిడ్ రోటర్ నమూనానే. భ్రమణ వర్ణపటాలు చదవడం, విద్యార్థుల చేత చదివించడం నా పని కాబట్టి దీనితో నాకు చాలాకాలపు పరిచయం ఉంది. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మొదటి రెండంకెల వరకు ఈ నమూనాను నిశ్చింతగా నమ్మొచ్చు. మూడో అంకె నుంచి కూడా అది అబద్ధం చెప్పదు, కానీ "ఇది ఏ పొడవు?" అని మనం అడగాలి. ఆ ప్రశ్న అడగకుండా జవాబును నోట్‌బుక్‌లో ఎక్కించడమే దీన్ని వాడేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు.

నమూనా చెప్పేది చాలా తక్కువ. సాగని, వంగని కర్రకు రెండు చివర్లా రెండు బంతులున్నట్టు అణువును ఊహించుకోవాలి. అది ఏ వేగంతో పడితే ఆ వేగంతో తిరగదు. దాని శక్తి, పౌనఃపున్యం లెక్కలో రాస్తే, `E = B·J(J+1)` అనే మెట్లలోనే ఉంటుంది. J విలువ 0, 1, 2, 3 అలా పెరుగుతుంది, B ఆ అణువు భ్రమణ స్థిరాంకం. కాంతిని పీల్చుకున్నప్పుడు J ఒక్క మెట్టు మాత్రమే ఎక్కుతుంది. మెట్ల ఎత్తు 2B, 4B, 6B, 8B అని సమానంగా పెరుగుతూ పోతుంది కాబట్టి వర్ణపటంలో రేఖలు 2B ఎడంతో వరుసగా నిలబడతాయి. B తెలిస్తే `I = h/(8π²B)` నుంచి జడత్వ భ్రామకం వస్తుంది. `I = μr²` కనుక రెడ్యూస్డ్ మాస్ μతో, అంటే రెండు పరమాణువుల ద్రవ్యరాశుల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదానితో, భాగించి వర్గమూలం తీస్తే బంధ దైర్ఘ్యం చేతికొస్తుంది.

దీన్ని చూపించడానికి నేను ఎప్పుడూ ఎంచుకునే అణువు కార్బన్ మోనాక్సైడ్. దాని ద్విధ్రువ భ్రామకం చిన్నదే అయినా రేఖలు శుభ్రంగా, విడివిడిగా కనిపిస్తాయి. మొదటి నాలుగు రేఖలు 115.271, 230.538, 345.796, 461.041 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తాయి. మొదటిది 2.6 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ ఓరియన్ నెబ్యులాలో పట్టుకున్నది ఈ రేఖనే.

ఎడం సుమారు 115.27 కాబట్టి B అందులో సగం, అంటే 57.636 గిగాహెర్ట్జ్. దాని నుంచి I = 1.4560 × 10⁻⁴⁶ కి.గ్రా.మీ². కార్బన్-12కి 12, ఆక్సిజన్-16కి 15.9949 వేస్తే μ = 6.8562 పరమాణు ద్రవ్యరాశి యూనిట్లు, అంటే 1.1385 × 10⁻²⁶ కిలోగ్రాములు. భాగించి వర్గమూలం తీస్తే r = 1.1309 × 10⁻¹⁰ మీటర్లు, అంటే 113.09 పికోమీటర్లు. లెక్క మొత్తం అర పేజీ కూడా పట్టదు.

ద్రవ్యరాశుల దగ్గర ఒక్క మాట. గోడమీది ఆవర్తన పట్టికలో ఉండే 12.011, 15.999 ఇక్కడ పనికిరావు. అవి ఐసోటోపుల సగటులు, తిరుగుతున్న అణువులో సగటు పరమాణువు ఉండదు. వాటిని వేస్తే జవాబు 113.05కి జారుతుంది. తేడా చిన్నదిగా కనిపించినా, కొలత ఇచ్చే ఖచ్చితత్వంతో పోలిస్తే పెద్దదే. వర్గమూలం మనకు అనుకూలం: Bలో ఎంత శాతం పొరపాటుంటే rలో అందులో సగమే వస్తుంది. ద్రవ్యరాశిలో పొరపాటుకూ అంతే.

ఇక చేతిలో ఉన్న రేఖలు ఎన్నో మెట్టువో తెలుసుకోవడం. మొదటి రేఖలు పరికరం పరిధిలో లేకపోతే ఏదో ఒక రేఖ పౌనఃపున్యాన్ని పక్కరేఖతో ఉన్న ఎడంతో భాగిస్తాం. 461.041ని 115.245తో భాగిస్తే 4.0005 వస్తుంది, అంటే అది నాలుగో రేఖ. ఈ పరీక్ష నాకెంతో ఇష్టం, కానీ దానికీ ఒక గుడ్డి కోణం ఉంది. మధ్యలో 576.268 రేఖ శబ్దంలో కలిసిపోయి 461.041 తర్వాత నేరుగా 691.473 కనిపించిందనుకోండి. ఎడం 230.43 అవుతుంది, భాగిస్తే 2.0008. అదీ పూర్ణాంకానికి దగ్గరే! రెట్టింపు Bతో r 80 పికోమీటర్లకు పడిపోతుంది. హైడ్రోజన్ అణువు బంధమే 74. కార్బన్, ఆక్సిజన్ అంత దగ్గరికి రావు. √2 రెట్లు తక్కువగా లేదా ఎక్కువగా వచ్చిన బంధ దైర్ఘ్యం కనిపిస్తే నేను వెంటనే రేఖల వరుస సంఖ్య దగ్గరికే వెనక్కి వెళ్తాను.

కొన్ని అణువుల్లో రేఖను దాచేది శబ్దం కాదు, ప్రకృతే. ఆక్సిజన్ అణువుకు విద్యుత్ ద్విధ్రువం లేదు కాబట్టి దాని భ్రమణాన్ని రామన్ పద్ధతిలో, అంటే అణువుల మీద పడి చెదిరిన లేజర్ కాంతిలో, చూస్తాం. అక్కడ J ఒకేసారి రెండు మెట్లు ఎక్కుతుంది, ఎడం మామూలుగా 4B ఉండాలి. కానీ ఆక్సిజన్-16 కేంద్రకానికి స్పిన్ సున్నా, అందువల్ల సరిసంఖ్య మెట్లు అసలు ఉండవు. రేఖల ఎడం 8B అవుతుంది, సుమారు 11.5 సెం.మీ⁻¹. దీన్ని 4B అనుకుంటే బంధం 121 పికోమీటర్లకు బదులు 86 అని వస్తుంది. పట్టుకునే దారి మొదటి రేఖలో ఉంది. లేజర్ రేఖ నుంచి మొదటి రేఖకున్న దూరాన్ని ఎడంతో భాగించండి. మెట్లన్నీ ఉంటే 6B/4B, అంటే 1.5 రావాలి. ఆక్సిజన్‌లో 10B/8B, అంటే 1.25 వస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కే మళ్లీ వద్దాం, ఎందుకంటే ఈ నమూనాలో నాకు అన్నిటికన్నా విలువైనది అది తప్పే పద్ధతి. ఎడం సమానంగా ఉండాలని నమూనా అంటుంది. మొదటి ఆరు రేఖల మధ్య నిజమైన ఎడాలు 115.267, 115.258, 115.245, 115.227, 115.205. ప్రతిసారీ కొంచెం తగ్గుతున్నాయి, ఆ తగ్గుదలా క్రమంగా పెరుగుతోంది. పరికరం దోషమైతే సంఖ్యలు అటూ ఇటూ చెదురుతాయి, ఇలా ఒకే వైపు వరుసగా జారవు. అణువు వేగంగా తిరిగేకొద్దీ బంధం సాగుతోంది, I పెరుగుతోంది. అందుకని ఎడాల సగటు తీయొద్దని నేను విద్యార్థులకు గట్టిగా చెబుతాను. దానికి బదులు ప్రతి రేఖ పౌనఃపున్యాన్నీ (J+1)తో భాగించి, (J+1)²కి ఎదురుగా గీయాలి. బంధం సాగుదలను కొలిచే స్థిరాంకాన్ని D అంటే, `ν/(J+1) = 2B − 4D(J+1)²` కాబట్టి సరళరేఖ వస్తుంది. పై రేఖలకు మొదటి బిందువు 115.2712, ఆరోది 115.2455. వాలు నుంచి D 0.0001835 గిగాహెర్ట్జ్, అక్షాన్ని తాకే చోటు నుంచి B 57.63597.

ఇక్కడే ఒక బహుమానం దొరుకుతుంది. బంధం ఎంత మెత్తగా ఉంటే అంత సాగుతుంది కాబట్టి D లోపల స్ప్రింగ్ బిగువు దాగి ఉంటుంది. `D ≈ 4B³/ω²` అనే సంబంధంలో ఈ విలువల్ని సెం.మీ⁻¹లోకి మార్చి వేస్తే బంధం కంపన పౌనఃపున్యం ω సుమారు 2155 వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పరారుణ పట్టీ కేంద్రం 2143 దగ్గర ఉంది. ఒక్క కంపన రేఖ కూడా చూడకుండా, తిరుగుడు రేఖల ఎడం తగ్గిన తీరు నుంచే ఇంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ సంతోషాన్నిస్తుంది. "దృఢం" అని పేరుపెట్టుకున్న నమూనా నుంచి బంధం ఎంత సాగుతుందో తెలుస్తోంది మరి.

సాగుదలను సరిచేశాక కూడా 113.09 దాదాపు కదలదు. అయితే పట్టికల్లో కార్బన్ మోనాక్సైడ్ బంధానికి 112.83 అని ఉంటుంది. కొత్తగా వాడేవాళ్లు ఇక్కడే తమ లెక్కను అనుమానిస్తారు. లెక్క సరైనదే. తిరగకుండా ఉన్నప్పుడు కూడా అణువు కంపిస్తూనే ఉంటుంది, అత్యల్ప స్థితిలోనూ ఆ కంపనం ఆగదు. మన B ఆ కంపనం మీద తీసిన సగటు. బంధం పొడవుతో శక్తి మారే తీరును గీస్తే వచ్చే లోయ ఒక పక్క నిటారుగా, సాగే పక్క వాలుగా ఉంటుంది కనుక ఆ సగటు పొడవు వైపే మొగ్గుతుంది. అందుకే దీన్ని r₀ అని రాస్తాం. లోయ అట్టడుగున ఉండే పొడవు rₑ, పట్టికలో ఉన్నది అది.

ఈ తేడా నిజంగా కంపనం వల్లేనా అన్నది ఐసోటోపుతో పరీక్షించొచ్చు. కార్బన్-13 ఉన్న అణువుకు రెడ్యూస్డ్ మాస్ 1.04612 రెట్లు. బంధం నిజంగా దృఢమైతే మొదటి రేఖ 115.271/1.04612, అంటే 110.189 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి. అది కనిపించేది 110.201 దగ్గర. ఈ రేఖల్ని కిలోహెర్ట్జ్ దాకా కొలిచారు, కాబట్టి 12 మెగాహెర్ట్జ్ తేడాను కొలత మీదికి నెట్టలేం. తిరిగి లెక్కిస్తే బంధం 113.08 పికోమీటర్లు. బరువైన అణువు లోయలో కాస్త కిందికి దిగి కంపిస్తుంది, సగటు పొడవు ఆ మేరకు తగ్గుతుంది. ఎలక్ట్రాన్లకు సంబంధించినంతవరకు రెండిటిలోనూ బంధం ఒకటే, rₑ కూడా దాదాపు ఒకటే.

rₑ కావాలంటే ఒక మెట్టు పైన కంపిస్తున్న అణువుల రేఖ కూడా ఉండాలి. గది ఉష్ణోగ్రతలో అలాంటి అణువులు లక్షకు మూడో నాలుగో ఉంటాయి, అందుకని వేడి వాయువైనా కావాలి, పరారుణ పట్టీలోని రేఖలైనా వాడుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌లో ఆ మొదటి రేఖ 114.22 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది, B అక్కడ 57.11. రెండు Bల తేడా 0.525. అందులో సగాన్ని 57.636కు కలిపితే కంపనం లేని B 57.898 అవుతుంది, దాన్నుంచి r సరిగ్గా 112.83. కాబట్టి ఒకే కంపన స్థితి రేఖలు ఉన్నప్పుడు జవాబును 113.09 అని, పక్కన r₀ అని రాస్తాను. రెండో స్థితి రేఖ కూడా చేతికొస్తేనే 112.83 అని, rₑ అని రాస్తాను.