టీవీ యూనిట్‌లో మూసిపెట్టిన వైఫై రూటర్: నాలుగేళ్లు వాడాక నా సమీక్ష

మాది విజయవాడ. ఫైబర్ కనెక్షన్‌తో పాటు వచ్చిన డ్యూయల్ బ్యాండ్ రూటర్, 100 ఎంబీపీఎస్ ప్లాన్, నాలుగేళ్లు దాటింది. హాల్లో టీవీ కింద ప్లైవుడ్ తలుపులున్న అరలో సెట్‌టాప్ బాక్స్ పక్కనే దీన్ని పెట్టారు. వైర్ల కోసం కార్పెంటర్ కొట్టిన బెజ్జం తప్ప ఆ అరలోకి గాలి పోయే దారే లేదు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, సగం ఇళ్లలో ఇదే ఏర్పాటు.

మొదటి ఏడాది వంక పెట్టడానికేమీ లేదు. తర్వాత ఎండాకాలం వచ్చిందంటే చాలు, పొద్దున బాగానే ఉన్న వైఫై సాయంత్రం ఏడు దాటాక 15, 20 ఎంబీపీఎస్‌కి పడిపోయేది, రాత్రి తలుపు తీసి ముట్టుకుంటే రూటర్ కింది భాగం చెయ్యి పెట్టలేనంత వేడి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఏరియాలో లోడ్ అన్నారు. టెక్నీషియన్ వచ్చి ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెట్టి చూస్తే 94 వచ్చింది, ఆప్టికల్ పవర్ కూడా మైనస్ 21 దగ్గర, అంటే బాగానే ఉంది. "లైన్ ఓకే సార్, మీ వైఫైలోనే ఏదో ఉంది" అని వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది కరెక్టే, లైన్‌లోనే తేడా ఉంటే కేబుల్‌లో కూడా స్పీడు పడిపోవాలి కదా.

అడ్డుగా ఉన్న తలుపు వల్ల సిగ్నల్ తగ్గుతోందా, లేక వేడి వల్లా అన్నది తేల్చుకోవడం సులువే. సాయంత్రం స్లోగా ఉన్నప్పుడు తలుపు తీసి వెంటనే స్పీడ్ టెస్ట్ చేశాను, పెద్ద తేడా రాలేదు. అలాగే తెరిచి ఉంచి అరగంట తర్వాత చేస్తే 70 దాటింది. సిగ్నల్‌కి అడ్డమే కారణమైతే తీసిన క్షణంలోనే పెరగాలి, వేడి మాత్రం దిగడానికి టైం తీసుకుంటుంది. రీస్టార్ట్ చేసినా ఇలాంటి ఆధారమే దొరుకుతుంది: సాఫ్ట్‌వేర్ గొడవైతే రీస్టార్ట్ తర్వాత రోజుల తరబడి బాగుంటుంది, వేడి అయితే కాసేపటికే మళ్లీ మొదటికొస్తుంది. రూటర్ పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో వైఫై మీద ఈ కమాండ్ కూడా కొట్టి చూడండి (మీ రూటర్ అడ్రస్ వేరే ఉండొచ్చు):

```
ping 192.168.1.1
```

మామూలుగా రెండు మూడు మిల్లీసెకన్లు రావాలి. మాకు వేడెక్కినప్పుడు వందల్లోకి పోయేది, మధ్యలో టైమవుట్లు. ఇది ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం మాత్రమే, కాబట్టి దీనికి కంపెనీని తిట్టి లాభం లేదు.

ఇలాంటి రూటర్లకి సాధారణంగా రాసుండే పని ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే, అదీ దాని చుట్టూ ఉన్న గాలి వేడి. మే నెలలో మా హాలే 36, 37 ఉంటుంది, ఇక మూసిన అరలో సెట్‌టాప్ బాక్స్ వేడి కూడా కలిస్తే ఎంతుంటుందో ఊహించుకోండి. దీంట్లో ఫ్యాన్ ఉండదు, కింది స్లాట్లలోంచి చల్లగాలి ఎక్కి పైనుంచి వేడిగాలి పోవాలి, అంతే. మాది తిరగేసి చూస్తే కింది స్లాట్లు సగం పైగా బూజులాంటి దుమ్ముతో మూసుకుపోయాయి. ప్లగ్ తీసేసి, పొడి పెయింట్ బ్రష్‌తో దులిపి, రబ్బరు బల్బు బ్లోయర్‌తో ఊదాను. తడిగుడ్డ మాత్రం వద్దు. తర్వాత అరలోంచి తీసి గోడకి నిలువుగా బిగించాను, సాయంత్రం స్లో అవడం దాదాపు పోయింది.

దాదాపు అని ఎందుకంటే, అప్పుడప్పుడూ దానంతటదే రీస్టార్ట్ అవడం మాత్రం ఆగలేదు. అడ్మిన్ పేజీలో Uptime, అంటే ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో చూస్తే పొద్దున నుంచి గంటలే చూపించేది, ఇంట్లో కరెంటు మాత్రం పోలేదు. ఇది వయసుతో వచ్చే జబ్బు. అడాప్టర్‌లో ఉండే కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి, పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగం అవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క. మా అడాప్టర్ కూడా అదే అరలో ఉడికింది మరి. అడాప్టర్ మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటే, కొత్తది కూడా సరిగ్గా 12 వోల్టులే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, పిన్ సైజు, ప్లస్ మైనస్‌లు కలవాలి. మార్చాక రీస్టార్టులు ఆగిపోయాయి. రూటరే పోయిందని కొత్తది కొనేసేవాళ్లు ముందు ఇది మార్చి చూడండి.

ఇంత చేసినా వెనక బెడ్‌రూమ్‌లో 5 గిగాహెర్ట్జ్ కొత్తలో ఉన్నంత లేదు, ఆ గదిలో 2.4 మీదే నడుపుతున్నాం, వీడియో కాల్స్‌కి సరిపోతోంది. నిన్న సాయంత్రం హాల్లో టెస్ట్ చేస్తే 88. రూటర్‌కి నా రేటింగ్ ఐదుకి మూడున్నర, దాన్ని ఆ అరలో బిగించి పోయిన ఇన్‌స్టలేషన్‌కి ఒకటి.