ఓడ జాబితాలోని వయసును నమ్మి ఆరేళ్లు లెక్కలు వేశాక

మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి 1911 దాకా కూలి ఒప్పందాల మీద జనాన్ని ఓడల్లో తీసుకెళ్లారు. మా ముత్తాత చెల్లెలు అలా వెళ్లిన మనిషే. ఆవిడ పుట్టిన ఏడు తెలుసుకోవాలని మొదలుపెట్టి, తర్వాత ఇంకొన్ని కుటుంబాల కోసం కూడా ఇదే పద్ధతి వాడాను: కాగితం రాసిన ఏడాదిలోంచి వయసు తీసేయడం.

ఒక్క కాగితం చూసి ఒక్క ఏడాది తేల్చుకుంటే ఈ పద్ధతి మోసం చేస్తుంది. ఓడ జాబితాలో ఆవిడ వయసు 20, తేదీ 1898 అక్టోబరు. తీసేస్తే 1878. రెండేళ్లు అదే నిజమనుకున్నాను. ఆ జాబితా మొత్తం వరసగా చదివాక అనుమానం వచ్చింది: 20, 25, 30 పేజీ నిండా ఉన్నాయి, 19, 21 వెతికితే గానీ దొరకవు. అంటే గుమాస్తా మనిషిని చూసి ఉజ్జాయింపుగా వేసిన అంకెలు చాలానే ఉన్నాయన్నమాట.

తర్వాత అక్కడి పెళ్లి నమోదు దొరికింది. 1902 మార్చి 15, వయసు 26. ఓడ జాబితా ప్రకారమైతే 23 గానీ 24 గానీ ఉండాలి, కాబట్టి దాన్ని చూసి రాసింది కాదు. నిండిన వయసు అనుకుంటే పుట్టుక 1875 మార్చి 16 నుంచి 1876 మార్చి 15 మధ్య. కానీ మన ఇళ్లల్లో పెద్దవాళ్లు "ఇరవై ఆరో ఏడు నడుస్తోంది" అనే చెప్పేవారు. అలా చెప్పి ఉంటే ఏడాది ముందుకు జరిగి, 1877 మార్చి 15 దాకా వస్తుంది. ఈ ఒక్క ఏడాది తేడానే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది.

దాన్ని తేల్చింది కోర్టు వాంగ్మూలం. 1911 జూన్‌లో ఓ తగాదాలో సాక్షిగా నిలబడి, వయసు 35 అని చెప్పింది. అది పెళ్లి నమోదుతో సరిగ్గా సరిపోయేసరికి, ఒకదాన్ని చూసి ఇంకోటి రాశారేమోనని భయపడ్డాను. కింది వాక్యం చదివాక ఊపిరి పీల్చుకున్నాను: "ధాత కరువులో పుట్టానని అమ్మ చెప్పేది." ధాత సంవత్సరం 1876 ఉగాదితో మొదలైంది. ఆ ఏడు వానలు ముఖం చాటేస్తే వచ్చిన కరువు 1878 దాకా సాగింది. నిండిన వయసు లెక్క 1876 మార్చి మధ్యలోనే ఆగిపోతుంది, అప్పటికి కరువే రాలేదు. కాబట్టి ఆవిడ చెప్పింది నడుస్తున్న ఏడే. 1876 రెండో సగం నుంచి 1877 మార్చి మధ్య దాకా, ఆ తొమ్మిది నెలల్లోనే పుట్టిందని నా నమ్మకం.

చంటిపిల్లల వయసులు మాత్రం ఓడ జాబితాలో కూడా నాకు బాగానే కలిశాయి. ఏడాది పిల్లను ఐదేళ్లదని ఎవరూ రాయలేరు కదా. పెద్దవాళ్ల వయసు ముప్పై దాటి, చివర సున్నా గానీ ఐదు గానీ ఉంటే, నేను అటూ ఇటూ ఐదేళ్లు వదిలి వెతుకుతాను. మా వంశవృక్షంలో ఆవిడ పేరు పక్కన ఇప్పుడు "1876-77" అని రాశాను. మునుపటి 1878ని కొట్టేశాను గానీ, చెరిపేయలేదు.