ఒకే వరుసలో అన్ని డ్రిల్ సైజులు: చాలాకాలం వాడిన గోడ చార్టుపై సమీక్ష

ఈ చార్టు మీద నాకున్న ఇష్టానికి కారణం ఒక్కటే. భిన్నాల డ్రిల్లులు, సైజుకు నంబరే పేరైన నంబరు డ్రిల్లులు, ఇంగ్లీషు అక్షరమే పేరైన అక్షరాల డ్రిల్లులు, మిల్లీమీటర్ డ్రిల్లులు అన్నింటినీ కలిపి, అంగుళాల దశాంశం ప్రకారం చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ఒకే వరుసలో పేర్చారు. అంతకుముందు మా షాపులో ఉన్న చార్టులో ఒక్కో రకానికి ఒక్కో పట్టిక ఉండేది. డ్రాయింగులో 0.266 అని కనిపిస్తే మూడు చోట్ల వెతికి, మూడు అంకెలు కాగితం మీద రాసుకుని, తేడాలు లెక్క కట్టాల్సి వచ్చేది. ఇందులో ఆ అంకె దగ్గర వేలు పెడితే చాలు, పైనా కిందా ఉన్న ఇరుగుపొరుగు సైజులన్నీ కళ్లముందే ఉంటాయి.

మాది బాలానగర్‌లో చిన్న షాపు. అమెరికా నుంచి వచ్చే అంగుళాల డ్రాయింగులకు అల్యూమినియం ప్లేట్లు, మైల్డ్ స్టీలు బ్రాకెట్లు చేస్తాం. చిక్కల్లా డ్రిల్లుల దగ్గరే. రాణిగంజ్‌లో మిల్లీమీటర్ డ్రిల్లులు 0.1 తేడాతో ఎన్నైనా దొరుకుతాయి, భిన్నాలవీ చాలావరకు దొరుకుతాయి. అక్షరాల డ్రిల్లు కావాలంటే మాత్రం ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. పావు అంగుళం బోల్టు వదులుగా దిగడానికి హెచ్ డ్రిల్లు వాడమని మాకు తరచూ రాస్తుంటారు. అది 0.2660. చార్టులో దానికి సరిగ్గా పైవరుసలో 17/64 ఉంది, 0.2656. తేడా అంగుళంలో పదివేలో వంతులు నాలుగే. ఆ రంధ్రానికి డ్రాయింగు ఇచ్చే వెసులుబాటు ముందు ఈ తేడా లెక్కలోకే రాదు. అందుకే మేము హెచ్ కోసం ఎదురుచూడటం మానేశాం. అలాగే ‘ఏ’ అక్షరం డ్రిల్లు 0.2340, 15/64 డ్రిల్లు 0.2344. ‘ఈ’ అక్షరం డ్రిల్లుకైతే వెతుకులాటే అక్కర్లేదు, అది అచ్చంగా పావు అంగుళమే.

కొనేవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. దశాంశం తర్వాత నాలుగు అంకెలున్న చార్టే తీసుకోండి. మూడంకెల చార్టులో 17/64, హెచ్ రెండూ 0.266గానే కనిపిస్తాయి, ఏది పెద్దదో తెలియదు.

ఇంతగా మెచ్చుకున్నాక ఒక సంగతి విడమరిచి చెప్పాలి. చార్టు చెప్పేది డ్రిల్లు కొలత, రంధ్రం కొలత కాదు. ఈ రెంటి మధ్య ఉన్న తేడా మాకు ఒక బ్యాచ్ ప్లేట్లను స్క్రాపులోకి పంపింది.

ఆ డ్రాయింగులో రంధ్రం 0.253 నుంచి 0.257 లోపు ఉండాలి, అంటే నడిమి కొలత 0.255. చార్టులో ఆ ప్రాంతంలో వరుసగా నాలుగు సైజులున్నాయి: ‘ఈ’ అక్షరం 0.2500, 6.4 మి.మీ. 0.2520, 6.5 మి.మీ. 0.2559, ఎఫ్ 0.2570. అంకెల ప్రకారం అన్నిటికన్నా దగ్గరిది 6.5. తేడా అంగుళంలో వెయ్యో వంతు కూడా లేదు. రాత్రి షిఫ్టు ఆపరేటర్ అదే బిగించాడు. ఆ అంకెలు చూసిన ఎవరైనా అదే బిగిస్తారు. పొద్దున, రంధ్రంలో దిగకూడని 0.257 నో-గో పిన్ను పెడితే ప్రతి రంధ్రంలోనూ సాఫీగా దిగిపోయింది. పిన్నులు ఒక్కొక్కటిగా పెంచుతూ చూస్తే రంధ్రం 0.259 దగ్గర తేలింది. వెర్నియర్‌తో కొలిస్తే మాత్రం కొలతలోనే ఉన్నట్టు చూపించింది. చిన్న రంధ్రంలో వెర్నియర్ లోపలి దవడల చదును అంచులు గుండ్రటి గోడకు పూర్తిగా ఆనవు, అందుకే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఈ పనికి పిన్ గేజ్ తప్పదు.

ట్విస్ట్ డ్రిల్లు సాధారణంగా తన కొలతకన్నా కాస్త పెద్ద రంధ్రమే చేస్తుంది. పావు అంగుళం ప్రాంతంలో అది వెయ్యో వంతులు మూడో నాలుగో పెరగడం మామూలే. మొన లోహంలో కుదురుకునే ముందు కొద్దిగా తిరుగాడుతుంది. రెండు కోత అంచుల్లో ఒకటి పొడవైతే డ్రిల్లు కేంద్రం పక్కకు జరిగి రంధ్రం ఇంకా పెరుగుతుంది. చేత్తో సాన పట్టిన డ్రిల్లులో ఇది ఎక్కువ. దాన్ని కనిపెట్టడం తేలిక: చిప్పు రెండు గాడుల్లోంచీ సమంగా రావాలి. ఒక గాడిలోంచే వస్తుంటే ఒక అంచే కోస్తోందన్నమాట.

ఆ రోజు నుంచి మేము వెతికే పద్ధతి మారింది. అదే మెషీను మీద, అదే లోహపు తుక్కు ముక్కలో, ముందు సెంటర్ డ్రిల్లు వేసి ఒక రంధ్రం చేస్తాం. పిన్నుతో చూసి డ్రిల్లు ఎంత పెంచుతోందో తెలుసుకుంటాం. కావలసిన నడిమి కొలతలోంచి ఆ పెరుగుదల తీసేసి, మిగిలిన అంకెను చార్టులో వెతుకుతాం. ఇక్కడ 0.255లోంచి 0.003 తీస్తే 0.252. అది సరిగ్గా 6.4 మి.మీ. డ్రిల్లు. చార్టులో మూడు వెయ్యో వంతులు దూరంగా కనిపించిన ఆ డ్రిల్లే గో పిన్నును పోనిచ్చి, నో-గోను ఆపింది. ‘ఈ’ అక్షరం డ్రిల్లు వేసి ఉంటే రంధ్రం 0.253 దగ్గర, కింది హద్దు అంచున ఉండేది. ఏదైనా ఒక రంధ్రం బిగుతుగా వచ్చే ప్రమాదం ఉండేది.

డ్రిల్లును కొలవడంలోనూ ఒక మెలకువ ఉంది. చక్‌లో జారి గీతలు పడ్డ కాడను కొలిస్తే నమ్మలేం, దాని మీద చెక్కిన సైజు కూడా చెరిగిపోయి ఉంటుంది. మొన దగ్గర, గాడుల అంచున ఉండే రెండు మార్జిన్ల మీదుగా మైక్రోమీటర్ పెట్టి కొలవాలి. డ్రిల్లు మొన నుంచి కాడ వైపు కొద్దికొద్దిగా సన్నబడుతూ ఉంటుంది కాబట్టి మధ్యలో కొలిస్తే తక్కువ వస్తుంది.

చార్టు ఉపయోగం అన్ని సైజుల్లో ఒకేలా ఉండదని కూడా చెప్పాలి. అక్షరాల వరుస జెడ్‌తో, 0.413 దగ్గర ముగుస్తుంది. ఆ పైన భిన్నాలు 1/64 మెట్లుగా, అంటే సుమారు 0.0156 ఎడంతో ఉంటాయి. మిల్లీమీటర్ సైజులు ఆ ఖాళీలను కొంత పూడుస్తాయి. వెసులుబాటు మొత్తం రెండు వెయ్యో వంతులు మించని రంధ్రానికైతే ఏ సైజులోనూ చార్టు మీద ఆధారపడను. చిన్న డ్రిల్లు వేసి రీమర్‌తోనే పూర్తి చేస్తాను.

మా పనికి, మా బజారుకు ఈ చార్టు చక్కగా సరిపోయింది. అంగుళాల డ్రాయింగు ముందు పెట్టుకుని మిల్లీమీటర్ డ్రిల్లులతో పని చేసేవాళ్లు ఎవరు అడిగినా, మిల్లీమీటర్లను కూడా అదే వరుసలో కలిపిన చార్టే కొనమంటాను. నంబర్లు, అక్షరాలు, భిన్నాలు కలిసిన 115 డ్రిల్లుల పూర్తి పెట్టె ఉన్నవాళ్లకు ఆ పెట్టె మూత మీది అంకెలే సరిపోవచ్చు. స్టెయిన్‌లెస్ మీద నేను ఎక్కువ పని చేయలేదు. నేను చెప్పిన మూడు వెయ్యో వంతుల లెక్క అల్యూమినియంలో మా మెషీను ఇచ్చినది. మీది ఎంత ఇస్తుందో తుక్కు ముక్క మీద చూసుకున్నాకే చార్టు దగ్గరికి వెళ్లండి.