ఆరు సీజన్లు వాడాక పది టన్నుల కోల్డ్ రూమ్: డిస్‌ప్లేలో 13, కాయలో 9

బంగినపల్లి మామిడి, గ్రాండ్ నైన్ అరటి నిల్వకు ఆరు సీజన్లుగా వాడుతున్న గది ఇది. కంప్రెసర్ మీద, గోడల ప్యానెళ్ల మీద ఫిర్యాదు లేదు. ఇబ్బందంతా డిస్‌ప్లేలో కనిపించే అంకెతోనే.

పచ్చిగా కోసిన మామిడికి 13 డిగ్రీలు, అరటికి 13 నుంచి 14 ఉండాలి. ఇంకా కిందికి దిగితే కాయ గడ్డకట్టదు గాని చలిదెబ్బ తింటుంది. కణాల పొరలు బిరుసెక్కి లీకవుతాయి, లోపల విడివిడిగా ఉండాల్సిన పదార్థాలు కలిసి తొక్క గోధుమరంగుకు తిరుగుతుంది. కాసేపటి చలికి కాయ తట్టుకోవచ్చు, రోజుల తరబడి ఉంటే తట్టుకోదు.

ఈ గదిలో సెన్సర్ ఫ్యాన్ వెనక, తిరిగి వచ్చే గాలిలో ఉంది. అక్కడ 13 ఉన్నప్పుడు కాయిల్ నుంచి బయటికి తన్నే గాలి అయిదారు డిగ్రీలు తక్కువే. ఫ్యాన్‌కు ఎదురుగా పేర్చిన మొదటి వరుస మామిడిలో ప్రోబ్ గుచ్చితే 9 చూపించింది. పది రోజుల తర్వాత ఆ క్రేట్లు చూడ్డానికి పచ్చగా, గట్టిగా, బ్రహ్మాండంగా ఉన్నాయి. మాగబెట్టాకే అసలు సంగతి బయటపడింది: తొక్క మీద బూడిదరంగు మచ్చలు, చిన్న గుంటలు, ఒక పక్క పండి ఒక పక్క పచ్చి, రుచి చప్పన. వెనక వరుసలు మాత్రం చక్కగా పండాయి. ఒకే లోడు, ఒకే తోట!

సెట్ పాయింట్ 14కి పెంచి, కంప్రెసర్ ఆగే, మళ్లీ మొదలయ్యే ఉష్ణోగ్రతల మధ్య తేడా అయిన డిఫరెన్షియల్‌ను 2 నుంచి 1కి తగ్గించి, ఫ్యాన్ ముందు మీటరు జాగా వదిలాక మచ్చలు ఆగాయి. ఎప్పుడూ ముందు వరుస కాయ గుజ్జులోనే ప్రోబ్ ఉంచండి. అరటికి ఇంకా సులువైన పరీక్ష ఉంది: పచ్చికాయ తొక్కను చాకుతో పల్చగా చెక్కండి. లోపల గోధుమరంగు గీతలు కనిపిస్తే దెబ్బ తగిలినట్టే, ఆ కాయ మాగినా మెరిసే పసుపు రాదు.

బంగాళాదుంపను ఈ గదిలో పెట్టకూడదు, 14 దగ్గర మొలకెత్తుతుంది. దానికి వేరే గది, వేరే లెక్క. విత్తనపు దుంప 2 నుంచి 4 డిగ్రీల దగ్గర బాగుంటుంది. చిప్స్ దుంపను అక్కడ పెడితే పిండి చక్కెరగా మారి, నూనెలో వేయగానే నల్లబడుతుంది, చేదెక్కుతుంది. అందుకే చిప్స్‌కు 8 నుంచి 12. లోడు తీసుకునే ముందు నాలుగైదు దుంపల ముక్కలు వేయించి చూస్తే చాలు. రంగు తిరిగితే 15 నుంచి 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచండి, చక్కెర చాలావరకు తగ్గుతుంది. అయితే నెలల తరబడి 2 కిందే ఉండి లోపల ఎర్రగోధుమ రంగు పట్టిన దుంప ఇక బాగుపడదు. మచ్చపడ్డ మామిడీ అంతే.

మామిడికి, అరటికి ఈ గది కొనొచ్చు. కొనేటప్పుడే గుజ్జులో గుచ్చే రెండో ప్రోబ్ అడిగి పెట్టించుకోండి.