చుక్కలా, టీ సర్క్యూటా?

విశాఖలో మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు జంట కాయిల్స్ లెక్కల్లో తడబడేది మ్యూచువల్ ఇండక్టెన్స్ M ముందు గుర్తు దగ్గరే. ఆ లెక్క చేయడానికి చుక్కల పద్ధతి, టీ సర్క్యూట్ అని రెండు దారులున్నాయి. కాయిల్స్ సొంత ఇండక్టెన్స్‌లు L1 = 2 mH, L2 = 8 mH, వాటి మధ్య M = 3 mH అనుకుందాం.

చుక్కల పద్ధతిలో రెండు కరెంట్లూ చుక్క ఉన్న కొన నుంచే లోపలికి వెళ్తే ప్లస్, ఒకటి మాత్రమే వెళ్తే మైనస్.

```
v1 = L1 di1/dt ± M di2/dt
```

టీ సర్క్యూట్‌లో, రెండు చుక్కలూ పైనే ఉంటే, పైన L1−M, L2−M, మధ్యలో M గీస్తాం. ఆ తర్వాత మామూలు లూప్ సమీకరణాలే. కానీ ఇక్కడ L1−M = −1 mH వస్తుంది. పిల్లలు కంగారుపడి కొట్టేస్తారు. అది తప్పు కాదు, లెక్కకు సరిగ్గా పనిచేస్తుంది. అలాంటి కాయిల్‌ను చుట్టడం మాత్రం కుదరదు.

పైగా టీ రెండు కాయిల్స్ కింది కొనలను కలిపేస్తుంది. అవి నిజంగా విడిగా ఉండి, వాటి మధ్య వోల్టేజ్ కావాలంటే చుక్కలే వాడమంటాను.