కుర్చీకి తగిలించే గ్రీన్ స్క్రీన్ కొనేముందు ఇది చదవండి

వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకి, పీజీ రూముల్లోంచి ఇంటర్వ్యూలు ఇచ్చేవాళ్లకి ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒక వస్తువు తెగ కనిపిస్తోంది. కుర్చీ వెనక తగిలించుకునే గుండ్రటి ఆకుపచ్చ గుడ్డ, మడిస్తే సంచిలో పట్టేస్తుంది, "మీ గది ఎంత చిందరవందరగా ఉన్నా ఎవరికీ కనబడదు" అని రాసి అమ్ముతున్నారు. నేను తీసుకున్నాను. ఆ మాట అబద్ధం, ఎందుకో చెబుతాను.

జూమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ మార్చడానికి రెండు దారులున్నాయి. గుడ్డ లేకుండా అయితే, మనిషి ఎక్కడున్నాడో సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములోనూ అంచనా వేసి, మిగతాదంతా కప్పేస్తుంది. సెట్టింగ్స్‌లో I have a green screen టిక్ పెడితే మాత్రం అది రంగునే చూస్తుంది: ఆకుపచ్చగా ఉన్నచోట కొత్త బొమ్మ వేస్తుంది, ఆకుపచ్చ కానిదంతా మీరే అనుకుని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. అంటే గుడ్డ అంచు దాటి ఏమున్నా కాస్త కూడా మసకబారకుండా అవతలివాళ్లకి కనిపిస్తుంది. నా కాల్‌లో జరిగింది అదే. వెనక అద్దాల ఆఫీసు, ఎడమ మూల దండెం మీద ఆరేసిన లుంగీ. పక్క టీమ్ అన్నయ్య "తమ్ముడూ, మీ ఆఫీసులో బట్టలు కూడా ఆరేస్తారా?" అని అందరి ముందే అడిగాడు.

గుడ్డ పెద్దదే కదా అంటారేమో. నాది 142 సెంటీమీటర్ల వ్యాసం. కెమెరాకి మీటరు దూరంలో గుడ్డ ఉంటే, అడ్డంగా 70 డిగ్రీల మేర చూసే లాప్‌టాప్ కెమెరాకి అక్కడ దాదాపు 140 సెంటీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది. మధ్యలో సరిగ్గా సరిపోతుంది, కానీ గుడ్డ గుండ్రం, కెమెరా బొమ్మ దీర్ఘచతురస్రం, కాబట్టి నాలుగు మూలలూ ఖాళీ. 90 డిగ్రీల వెబ్‌క్యామ్ అయితే రెండు మీటర్లు కనిపిస్తుంది, ఇక మూలలే కాదు, రెండు పక్కలా గది బయటపడుతుంది. పైగా గుడ్డ కుర్చీకే ఉంటుంది కాబట్టి మీరు ఛార్జర్ కోసం కొంచెం తిరిగారంటే అదీ మీతోపాటే తిరుగుతుంది.

ఇంకో సమస్య, గుడ్డ వీపుకి మరీ దగ్గర. లైటు దాని మీద పడి ఆ పచ్చదనం మెడమీదికి, చెవులమీదికి వస్తుంది, అప్పుడు సాఫ్ట్‌వేర్ చెవి అంచుని కూడా గుడ్డే అనుకుని కొరికేస్తుంది. మీ నీడ పడినచోట, ముడతలు పడినచోట పచ్చ ముదురుతుంది, అక్కడేమో బొమ్మ సరిగ్గా అతక్క మచ్చలు మిగులుతాయి. గ్రీన్ స్క్రీన్ బాగా పనిచేయాలంటే గుడ్డకీ మనిషికీ మధ్య కనీసం మీటరు ఎడం, గుడ్డకి విడిగా సమానంగా పడే లైటు ఉండాలి. కుర్చీకి కట్టిన గుడ్డతో ఈ మొదటిదే కుదరదు. (ఆకుపచ్చ చున్నీ వేసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదనుకుంటా.)

మరి గుడ్డ లేకుండా? అందులోనూ అంచులు పట్టిస్తాయి, కానీ తక్కువ. మనిషి ఆకారాన్ని చాలావరకు చిన్న సైజు బొమ్మ మీద లెక్కగట్టి తర్వాత పెద్దది చేస్తారు కాబట్టి వెంట్రుకలు, హెడ్‌ఫోన్ వైరు, చాపిన వేళ్ల మధ్య సందులు లాంటి సన్నవి అందులో నిలవవు. చెయ్యి వేగంగా ఊపితే ఆకారం ఒక క్షణం వెనకబడుతుంది, ఆ సందులో అసలు గది తళుక్కుమంటుంది. నల్లటి జుట్టు వెనక ముదురు రంగు బీరువా ఉంటే, అందులోనూ గది చీకటిగా ఉంటే, తల ఎక్కడ ఆగిందో సాఫ్ట్‌వేర్‌కే తెలియదు.

అందుకే నేనైతే బొమ్మ పెట్టకుండా బ్లర్ వాడమంటాను. జుట్టు అంచున మిగిలే రంగు అసలు గదిదే కదా, వెనకున్నది అదే గది మసకగా కాబట్టి అది కలిసిపోతుంది. అదే తెల్లటి ఆఫీసు బొమ్మ పెడితే తలచుట్టూ మురికి గీతలా కనిపిస్తుంది. బొమ్మే కావాలంటే మీ గది వెలుతురుకి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి, కిటికీ వెనక కాకుండా ముందుండేలా కూర్చోండి, ఆ దండెం మాత్రం కెమెరా చూపులోంచి తీసేయండి.

కాల్‌కి ముందు సొంత ప్రివ్యూ చూసి సరిపెట్టుకోకుండా ఒక నిమిషం రికార్డ్ చేసి చూడండి: తల తిప్పండి, వేళ్లు చాపండి, టీ కప్పు ఎత్తండి. ఎక్కడ చిరుగుతుందో అక్కడే తెలుస్తుంది.

రిటర్న్ సంగతి: ప్యాక్ విప్పారు కాబట్టి తీసుకోము అన్నాడు సెల్లర్. విప్పకుండా సైజు సరిపోతుందో లేదో ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ టిక్ తీసేసి, కుర్చీ మీంచి విప్పి వెనక గోడకి తగిలించి చూడండి, కనీసం సాదా రంగు గోడగానైనా పనికొస్తుంది.