టైలర్ షాపు పండుగ తగ్గింపు: ఏ స్టేటస్ లైను నయం?

మొదటిది: “పండుగ ఆఫర్! 20% తగ్గింపు. నేడే రండి!”

రెండోది: “10వ తేదీలోపు బట్ట ఇస్తే కుట్టుకూలిలో 20% తగ్గింపు. పండుగకు ముందే డెలివరీ. (షాపు పేరు, ఫోన్ నంబరు)”

మొదటిది చిన్నది, కంటికి ఇట్టే ఆనుతుంది. కానీ స్టేటస్ 24 గంటల్లో పోయినా, ఫార్వర్డ్ అయిన లైను తిరుగుతూనే ఉంటుంది. మూడు రోజుల తర్వాత చదివేవాళ్లకు “నేడే” అంటే ఏ రోజు? ఎవరి షాపు? తగ్గింపు కూలిలోనా, లైనింగు బట్టకు కూడానా? కౌంటరు దగ్గర వాదన ఇక్కడే మొదలవుతుంది.

నా ఓటు రెండోదానికే. అందులో అసలు బలం తేదీ. పండుగ ముందురోజు జాకెట్టు గుడ్డ తెచ్చి “రేపటికి కావాలి” అనేవాళ్ల టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. ఆ తేదీ మాత్రం మిషన్ల మీదున్న పని చూసుకునే వేయాలి.